శుక్రవారం దాకా

నన్ను నొప్పించకుండా నాతో "వద్దు" అని చెప్పడం అంత సులువు కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కూరలో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే, ఉప్పును కాదు నన్నే అన్నారని అనుకునే రకం. అలాంటి నాకు "కొన్ని దినాలు నా దగ్గరికి రావద్దు" అని చెప్పి, చెప్పినందుకు మెచ్చుకునేలా చేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన్నే నేను కట్టుకున్నాను.

డెబ్బైలు ముగుస్తున్న కాలం అది. తిరువళ్లూరులో స్టేషనుకు దగ్గరగా ఒక వరస ఇళ్లలో ఉండేవాళ్లం. ఆయనకు ఆవడి వైపు ఒక ఫ్యాక్టరీలో పని. పొద్దున కరెంటు రైలుకు పోయి సాయంత్రం దిగేవాడు. నేను ఒక బడిలో చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించేదాన్ని. పెళ్లై ఐదేళ్లు దాటినా మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం కానీ ఊరు మానలేదు. ఒక పెళ్లిపందిట్లో వాళ్ల దూరపు పెద్దమ్మ ఒకామె, నేను వినాలనే కాస్త గొంతు పెంచి, "వాడు మెత్తనోడు కాబట్టి ఓర్చుకోనుండాడు, ఇంకొకడైతే ఈపాటికి ఇంకో పిల్లను చూసుకోనుంటాడు" అంది. ఆరోజు నేను ఆమెకు బాగానే బదులిచ్చాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వస్తే చాలు, అదే గుర్తుకొచ్చేది.

ఆయనకు తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచింది అన్న. తిరుత్తణిలో కొండ కింది వీధిలో ఆ అన్నకు ఒక కుట్టు అంగడి ఉండేది. ఆడి కృత్తికకు కొండమీది స్వామికి కావళ్లు ఎత్తేవాళ్లు పసుపుబట్టలు కుట్టించుకోవడానికి ఆ అంగడి ముందు గుంపుగా నిలబడేవాళ్లు. తమ్ముణ్ణి చదివించాలని ఆయన పెళ్లి కూడా చేసుకోలేదు. ఆ అన్న ఒక మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

మావాళ్లలో అయినవాళ్లు పోయిన మనిషిని ఒంటరిగా వదలరు. ఎవరో ఒకరు పక్కన ఉండాలి, మాట్లాడిస్తూ ఉండాలి, ఏదో ఒకటి తినిపిస్తూ ఉండాలి. లేకపోతే మనసు ఎటో పోతుందని భయం. దినకర్మలు అయిపోయి మేము తిరువళ్లూరు వచ్చాక కూడా అదే జరిగింది. తామరైపాక్కం నుంచి మా అమ్మ వచ్చి ఇంట్లో తిష్ట వేసింది. పక్కింటివాళ్లు, ఆయన ఫ్యాక్టరీ స్నేహితులు, మా మేనమామ, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేవాళ్లు. వీళ్లందరినీ మించి నేను ఉండనే ఉన్నాను. నాకు నోరు మూసుకుని కూర్చోవడం చేతకాదు. ఆయన దిగులు పడకుండా చూడటం నా బాధ్యత అనుకుని, ఆయన కళ్లు తెరిచింది మొదలు మూసేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన అందరికీ నవ్వుతూ బదులిచ్చేవాడు. స్నానాల గదిలో మాత్రం చాలాసేపు ఉండేవాడు. మా అమ్మ అది కడుపులో బాధ అనుకుని రోజూ వాము కషాయం కాచి ఇచ్చింది. పాపం, ఆయన ఒక్కరోజు కూడా కాదనకుండా తాగాడు.

అంగడి ఖాళీ చేసి ఇవ్వాలని ఇంటివాడు చెప్పి పంపాడు. జనం కుట్టడానికిచ్చిన బట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఒక శనివారం సాయంత్రం ఆయన పని నుంచి అటే తిరుత్తణి పోయాడు. ఆదివారం పొద్దున బండికి వచ్చేస్తానన్నాడు. ఆదివారం ఆ బండి వచ్చింది. ఆయన రాలేదు. మా వీధికి పూలు తెచ్చే అక్క వచ్చింది.

ఆమె తిరుత్తణి దగ్గర పల్లెనుంచి రోజూ మల్లెపూలు బుట్టకెత్తుకుని రైల్లో మా ఊరికి వచ్చి అమ్ముకుని సాయంత్రం తిరిగి పోయేది. బుట్టలో తడిగుడ్డ కింద నుంచి ఒక మడత తీసి నా చేతిలో పెట్టింది. దర్జీలు కొలతకు కత్తిరించుకునే మందపు గోధుమరంగు కాగితం అది. నాలుగు మడతలు పెట్టి, చుట్టూ మిషను మీద కుట్టేసి ఉంది. నాలుగు వైపులా నల్లదారంతో సన్నటి కుట్టు.

"నీ చేతికే ఇమ్మన్నాడుమ్మా. ఇంకెవురికీ ఇయ్యద్దన్నాడు. బాగనే ఉండాడు, నేను చూసినాను. బయపడబాక" అంది.

ఆ "బయపడబాక" కూడా ఆయన చెప్పి పంపిందేనని నాకు తర్వాత తెలిసింది. తంతి ఇచ్చి ఉంటే దాన్ని విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. మావాళ్లకు తంతి అంటే చావే. కార్డు ముక్క రాసి ఉంటే పోస్టుమాను చదివి, పక్కింటామె చదివి, ఆఖరికి నా దగ్గరికి వచ్చేది. పూలక్కతో నోటిమాటగా చెప్పి పంపితే నాలుగు స్టేషన్లు దాటేసరికి అది ఇంకో రూపం ఎత్తేది. ఇవన్నీ ఆలోచించి, బంక కూడా నమ్మకుండా, కుట్టేసి పంపాడు.

నేను పిన్నీసుతో కుట్లు విప్పుతుంటే మా అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే పెళ్లిపందిట్లో ఆ పెద్దమ్మ ముఖమే నా కళ్లముందు ఆడింది.

ఆయన చదివింది తమిళ బడిలో. తెలుగు కూడబలుక్కుని రాసేవాడు. తమిళంలో రాసి ఉంటే నేనూ చదవగలను, ఆయనకూ సులువు. అయినా తెలుగులోనే రాశాడు, పెద్ద పెద్ద అక్షరాలతో. ఆ కాగితం నా దగ్గర చాలా ఏళ్లు ఉండి, ఒక వానాకాలం పెట్టెలో చెమ్మకు పోయింది. కానీ నాకు నోటికి వచ్చు.

"ఏమే,

నేను బాగుండాను. జరం లేదు. తింటా ఉండాను. నీ మీద కోపం లేదు. ఈ మాట ముందు రాసినాను, ఎందుకంటే కాగితం చూస్తానే నీ గుండె కొట్టుకుంటాదని తెలుసు.

శుక్రవారం దాకా నేను ఈడ ఒంటిగా ఉంటాను, నువ్వు సరే అంటే. అన్న పోయినప్పటి నుంచి నేను ఒక్కపూట కూడా ఒంటిగా లేను. అందరూ నా మంచికే వచ్చినారు. కానీ ఎవురన్నా పక్కనుంటే నేను బాగుండినట్టు మొఖం పెట్టుకోవాల. నీ ముందర ఇంకా జాస్తి పెట్టుకోవాల, నేను తినకపోతే నువ్వు తినవు కదా. పెట్టుకొని పెట్టుకొని అలిసిపోయినాను. అన్న కోసం నాకింకా ఏడుపే రాలేదు. ఈ బట్టలు ఎవురివి వాళ్లకిచ్చి, అంగడి ఊడ్చి, ఆయన కూసున్న తావులో కొంచేపు కూసుంటే వస్తాదేమో అనిపిస్తా ఉండాది.

నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. మా పెద్దమ్మ అన్న మాట నేనూ విన్నాను. అది ఏ కాలానికీ జరగదు. నేను తిరిగొచ్చేది నీ దగ్గరికే.

శుక్రవారం సాయంత్రం, నేను పని నుంచి వచ్చే వేళకే దిగతాను. ఫ్యాక్టరీకి సెలవు చెప్పి పంపించినాను. బుధవారం పూలక్క నా దగ్గరికి వచ్చి నువ్వెట్లుండావో చెప్తాది. నీకు జవాబు రాసే పని లేదు. నీకు కష్టంగా ఉంటే ఆమెతో 'రమ్మను' అని ఒక్క మాట చెప్పు, ఆ రాత్రి బండికే వస్తాను. మొఖం ముడుచుకోకుండా వస్తాను. మీ అమ్మకు అంగడి అప్పజెప్పే పనుందని చెప్పు. అది అబద్దం కాదు.

శుక్రవారం ఉలవచారు పెట్టు. అన్న సంగతులు చానా ఉండాయి. వచ్చినాక నువ్వు అడుగు, అన్నీ చెప్తాను."

మొదటిసారి చదివినప్పుడు నాకు ఇందులో రెండే మాటలు కనిపించాయి. "ఒంటిగా", "అలిసిపోయినాను". అంతే, ఒంటికాలి మీద లేచాను. ఇన్నాళ్లూ నేను చేసిందంతా ఈయనకు భారంగా ఉందా, నేను కూడా ఆ వచ్చిపోయే జనంలో ఒకదాన్నేనా అని కాగితాన్ని పొయ్యి గట్టు మీద విసిరికొట్టాను. ఆ విసురు చూసి మా అమ్మకు ఇంకేమీ చదవాల్సిన పని లేకపోయింది.

"ఏంది పాపా, రానన్నాడా?"

"శుక్రవారం వస్తాడంట. అంగడి పనుండాదంట."

"అంగడి పనికి ఇన్ని దినాలా? చావు జరిగిన మనిషి ఒంటిగా ఉండేదేంది? ఎవురు చెప్పినారు వానికి? ఇది వేరే ఏదో ఉండాది. మీ మామను పిలిపిస్తాను, రేపు పోదాం. వాణ్ణి వెంటబెట్టుకోనే వద్దాం."

మా అమ్మను తప్పు పట్టలేను. ఆమెకు తెలిసిన లోకంలో మొగుడు చెప్పకుండా ఆగిపోయాడంటే నలుగురు పోయి తీసుకురావాలి. నాకు కూడా లోపల అదే ఉంది. ఆయన ఎదురుగా నిలబడి "నేనేం చేశాను నిన్ను?" అని అడగాలని నోరు దురద పెడుతోంది.

తిన్నన్రవూరు నుంచి మా మామ సోమవారం పొద్దున్నే వచ్చాడు. ఆయన పంచాయతీలు తీర్చే మనిషి, అది లేకపోతే ఆయనకు తోచదు. అమ్మ పెద్ద క్యారియర్ నిండా పులిహోర, పెరుగన్నం, ఊరగాయ సర్దింది. ముగ్గురం స్టేషనుకు పోయి బెంచీ మీద కూర్చున్నాం. తిరుత్తణి పోయే బండి రావడానికి ఇంకా సమయం ఉంది. ఆయన్ను చూడగానే ఏమేమి అడగాలో మామ నాకు నేర్పుతూనే ఉన్నాడు. నేను చేతిసంచిలో నుంచి కాగితం తీసి ఇంకోసారి చదివాను.

ఈసారి కోపం కాస్త చల్లబడి ఉంది కాబట్టి రాసింది రాసినట్టు కనిపించింది. "నువ్వు సరే అంటే" అన్నాడు. నన్ను అడిగాడు. "రమ్మను అని ఒక్క మాట చెప్పు" అన్నాడు. అంటే తలుపు మూసి గొళ్లెం నా వైపు పెట్టాడు. నాకు కావాలంటే ఎప్పుడైనా తీయవచ్చు. అలా పెట్టిన మనిషి దగ్గరికి నేను మామనూ క్యారియర్‌నూ వెంటబెట్టుకుని పోయి తలుపు బాదితే ఏమవుతుంది? ఆయన నవ్వుముఖం పెట్టుకుని ఎదురొస్తాడు. పులిహోర తింటాడు. మామ చెప్పే బుద్ధులు వింటాడు. మాతోపాటే బండి ఎక్కుతాడు. అన్న కోసం ఏడుపు మాత్రం లోపలే ఉండిపోతుంది. ఇంకెప్పుడూ నాకు ఇలాంటి కాగితం రాయడు. నాకు ఆ ఆఖరి సంగతికి నిజంగా భయం వేసింది.

నేను ఏం భయపడతానో కూడా ఆయన వెతికి పట్టుకున్నాడు. పెద్దమ్మ మాట ఆయన విన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. అది తెలిసీ తెలియనట్టు ఊరుకుంటే, ఈ దూరమంతా ఆ మాటతోనే నింపుకుంటానని ఆయనకు తెలుసు. అందుకే దాన్ని బయటికి లాగి, ఒక్క వాక్యంలో తెగ్గొట్టాడు. ఎంత బాగా తెలుసుకున్నాడు నన్ను! నా మీద ప్రేమ ఉందని ఎక్కడా పెద్ద మాటలు రాయలేదు. ఉలవచారు పెట్టమన్నాడు. వస్తానని నమ్మకం లేనివాడు రాత్రి భోజనానికి ఏం కావాలో చెప్పడు కదా.

బండి దూరంగా కూసింది. మామ లేచి పంచె సర్దుకున్నాడు.

"నేను రాను మామా" అన్నాను.

"ఏంది?"

"శుక్రవారం వస్తానన్నాడు. వస్తాడు. మనం పోయే పన్లేదు."

అమ్మకు కోపం వచ్చింది. "మొగుణ్ణి చేతులారా వదులుకుంటావా? రేపు నలుగురూ ఏమంటారు?"

"అమ్మా, వదిలేసి పోయే మొగుడు ఎప్పుడు దిగతాడో రాస్తాడా? రాత్రికి ఏ చారు పెట్టాలో చెప్తాడా?"

మామ నా ముఖం చూశాడు. ఆయనలో ఒక మంచి గుణం ఉంది, న్యాయం తనకు ఎదురుతిరిగినా ఒప్పుకుంటాడు. మళ్లీ బెంచీ మీద కూర్చుని, "ఏ చారు?" అన్నాడు.

"ఉలవచారు."

"అట్లయితే వస్తాడులే. అక్కా, ఆ క్యారియర్ ఇట్లియ్యి, ఆకలేస్తా ఉండాది."

బండి వచ్చి పోయింది. మేము ముగ్గురం ప్లాట్‌ఫారం మీదే పులిహోర తిన్నాం. అమ్మ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు కానీ ఊరగాయ మాత్రం వేసింది.

ఆ తర్వాత దినాలు సులువుగా పోయాయని చెప్పను. నేను బడిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని. ఇంటికి వస్తే, అమ్మ ఉన్నా, మాట్లాడటానికి ఆయన లేక గోడలతో మాట్లాడేదాన్ని. మంగళవారం సాయంత్రం ఆయన వచ్చే వేళకు అలవాటుగా కాఫీకి నీళ్లు పెట్టి, తర్వాత గుర్తొచ్చి దించేశాను. అప్పుడు బాగా ఏడుపొచ్చింది. ఆయన లేకపోతే నేను ఎంత ఒంటరిదాన్నో తెలిసింది. ఇన్నాళ్లూ ఒంటరితనం దొరక్క ఆయన, ఇప్పుడు దొరికి నేను బాధపడ్డామని తలుచుకుంటే నవ్వూ వచ్చింది.

బుధవారం పూలక్క మధ్యాహ్నం బుట్ట ఖాళీ చేసుకుని మా గడపలో కూర్చుంది. మజ్జిగ ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని అడిగింది.

"సాయంత్రం కనపడతాడు. ఏం చెప్పమంటావుమ్మా?"

"రమ్మను" అనే మాట నా నాలుక చివర ఉంది. ఆ ఒక్కమాట చాలు, రాత్రికి ఇంట్లో ఉంటాడు. ముఖం ముడుచుకోకుండా వస్తానని రాసే ఇచ్చాడు. నేను ఎందుకు ఓర్చుకోవాలి అని కూడా అనిపించింది. గడపలో మిగిలిన పూల రేకులు ఏరుతూ కొంచెంసేపు కూర్చున్నాను. పూలక్క తొందర పెట్టలేదు.

"నేను బాగుండానని చెప్పక్కా. ఉలవలు నిన్ననే కొన్నానని చెప్పు."

"అంతేనా?"

"అంతే. ఆ మాటే చెప్పు, ఇంకేం చేర్చబాక."

ఇలా చెప్పడం నేను ఆయన నుంచే నేర్చుకున్నాను. బాగున్నానంటే నా గురించి దిగులు పడడు. ఉలవలు కొన్నానంటే శుక్రవారం నాకు సమ్మతమేనని తెలుస్తుంది. తొందరగా రమ్మనీ అనలేదు, ఇంకా ఉండమనీ అనలేదు. ఇంత పొదుపుగా నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. మా అమ్మ విని ఆశ్చర్యపోయింది.

శుక్రవారం ఆయన చెప్పిన వేళకే దిగాడు. స్టేషనుకు ఎదురుపోవాలా వద్దా అని తెగ ఆలోచించి, వీధి మొగదాకా పోయి నిలబడ్డాను. గడ్డం పెరిగి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ ఆ నవ్వుముఖం లేదు. చాలారోజులకు నేను మా ఆయన అసలు ముఖం చూశాను. ఎంత బాగున్నాడో చెప్పలేను. అడగాలనుకున్నవన్నీ గొంతులోనే ఆపుకుని, సంచి ఒకటి నేను అందుకున్నాను. ఇల్లు చేరేదాకా నోరు తెరవలేదు.

అమ్మ వడ్డించి, ఆమెకు ఆమే తెలుసుకుని పక్కింటికి పోయింది. ఆయన అన్నంలో చారు పోసుకుని తింటూ మెల్లగా మొదలుపెట్టాడు. అన్న తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని మిషను తొక్కించింది, పండగకు మిగిలిన గుడ్డముక్కలు అతికి చొక్కా కుట్టింది, ఏ బట్టలు ఎవరివో కనుక్కోవడానికి ఇప్పుడు తాను వీధంతా తిరిగింది చెప్పాడు. సగం కుట్టి వదిలిన రవికెలు ఇచ్చినప్పుడు ఆడవాళ్లు తీసుకోలేక ఏడ్చారట. నాకు రాసిన కాగితం సంగతి కూడా చెప్పాడు. మొదట "నాకు ఒంటిగా ఉండాలని ఉంది, రావద్దు" అని రాశాడట. నేను చదివినట్టు చదువుకుని చూసి చించేశాడు. తర్వాత క్షమించమని, తప్పైపోయిందని పేజీ నిండా రాశాడట. అది చదివితే నిజంగానే ఏదో తప్పు చేసినట్టుందని అదీ చించేశాడు. ఎప్పుడు వస్తాడో రాయకుండా ఇంకొకటి రాసి, ఆ ఒక్కటీ లేకపోతే నేను నిద్రపోనని మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇన్నిసార్లా? నేను అంత రాక్షసినా?" అన్నాను.

"కాదు. నువ్వు నొచ్చుకుంటే నాకు ఆడ ఉండబుద్ది కాదు. అందుకే."

ఇంకొంచెం అన్నం పెట్టి నేను అడిగాను. "బుధవారం పూలక్క నా మాట చెప్పినప్పుడు ఏం చేస్తా ఉన్నావు?"

"ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. ఆమె బండి దిగేసరికే."

"ఎందుకు? ఆమే అంగడికి వచ్చి చెప్పేది కదా?"

ఆయన నా వైపు చూడకుండా అన్నం కలుపుకుంటూ చెప్పాడు. "నువ్వు రమ్మంటావేమో అని. ఆమె బండి వెనకాలనే మన ఊరి బండి ఉండాది కదా. అంగడికొచ్చి చెప్పేవరకు ఆగితే ఆ బండి పోతాది. సంచి సర్దుకొని, టికెట్టు కొనుక్కొని నిలబడినాను."

నేను గరిటె కింద పెట్టి ఆయన వైపు చూశాను.

"ఉలవలు కొనిందంట అని చెప్పి ఆమె ఎళ్లిపోయింది. బండి వచ్చింది, పోయింది. నేను అంగడికి తిరిగి పోయి, తలుపేసుకొని, అన్న కుర్చీ మీద కూసున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. తెల్లవారేదాకా ఏడ్చినాను."

ఇంకొంచెం చారు పొయ్యమని గిన్నె ముందుకు జరిపాడు. నేను పోశాను.